ఫోన్‌లో ఒక మాట, లెటర్‌లో ఒక మాట (ఉద్యోగపు మెయిళ్లు: 4వ పాఠం)

హెచ్‌ఆర్‌తో ఫోన్‌లో మాట్లాడిన రోజే, విన్న విషయాన్ని రెండు లైన్ల మెయిల్‌గా పెట్టాలని పోయిన పాఠంలో చెప్పుకున్నాం. ఆ మెయిల్ పెట్టనివాళ్లు కనీసం కాల్ తేదీ, టైము ఫోన్‌లో చూసి రాసి పెట్టుకోండి. ఈ పాఠానికి అవి కావాలి.

నాతో పనిచేసిన ఒకావిడకు హైదరాబాద్‌లోనే వేరే కంపెనీ రిక్రూటర్ ఫోన్ చేసి, "పన్నెండు లక్షలు ఫిక్స్‌డ్ అండీ, సీనియర్ ఇంజినీర్ పోస్టు" అన్నాడు. మూడో రోజు లెటర్ వచ్చింది. మొదటి పేజీలో 12,00,000 అంకె కనపడగానే ఆవిడ ఇంట్లోవాళ్లకు చెప్పేసింది కూడా. అసలు సంగతి చివరి పేజీలో, జీతం పట్టికలో ఉంది. ఆ పన్నెండు లక్షలు మొత్తం సీటీసీ. అందులో వేరియబుల్ 1,20,000, కంపెనీ కట్టే పీఎఫ్ 72,000, గ్రాట్యుటీ 28,860. ఇవి తీసేస్తే ఫిక్స్‌డ్‌గా మిగిలేది 9,79,140. నెలకు లక్ష అనుకున్నది 81,595 అయింది. అందులోంచి తన వంతు పీఎఫ్, పన్ను మళ్లీ పోతాయి. పోస్టు పేరులో 'సీనియర్' కూడా లేదు.

ముందుగా, పోర్టల్‌లో 'అంగీకరిస్తున్నాను' బటన్ నొక్కకండి. "ఇంతకుముందు నోటితో గానీ రాతలో గానీ జరిగిన మాటలన్నిటి స్థానంలో ఈ లెటరే చెల్లుతుంది" అనే అర్థం వచ్చే వాక్యం చాలా ఆఫర్ లెటర్లలో ఉంటుంది. సంతకం పెట్టాక ఫోన్‌లో మాటను పట్టుకుని అడగడం కష్టం. "ముందు జాయిన్ అవ్వండి, తర్వాత చూద్దాం" అన్న మాట నిలబడటం నేను పెద్దగా చూడలేదు.

అదే రోజు, కుదరకపోతే మర్నాటికల్లా, రిక్రూటర్ ఒక్కరికే మెయిల్ పెట్టండి. మేనేజర్‌ని మొదటి మెయిల్‌లోనే కాపీలో పెడితే ఫిర్యాదులా ఉంటుంది. మెయిల్ మీరు ఇంగ్లిష్‌లోనే రాస్తారు కానీ వరస ఇలా ఉండాలి:

"నమస్తే అండీ. ఆఫర్ లెటర్ అందింది, థాంక్స్. ఈ టీమ్‌లో చేరాలనే ఉంది. లెటర్‌లో రెండు విషయాలు 6వ తేదీ సాయంత్రం మనం ఫోన్‌లో అనుకున్నదానికి వేరుగా కనిపిస్తున్నాయి. ఒకటి, ఫిక్స్‌డ్ జీతం 12,00,000 అని నాకు అర్థమైంది. పట్టికలో 9,79,140 ఉంది. రెండు, పోస్టు సీనియర్ ఇంజినీర్ అనుకున్నాం. లెటర్‌లో ఇంజినీర్ అని ఉంది. ఒకసారి చూసి, సరిచేసిన లెటర్ పంపగలరా? అది వచ్చేవరకు అంగీకారం గడువు 14వ తేదీ దాకా పొడిగిస్తే మేలు."

"మీరు చెప్పారు" అనలేదు చూడండి. అలా అంటే అవతలివాళ్లు తమను కాపాడుకునే పనిలో పడతారు. "నాకు అర్థమైంది" అంటే తప్పు ఎవరిదో తేల్చకుండానే అంకె సరిదిద్దుకునే దారి ఉంటుంది. అడిగింది కూడా వివరణ కాదు, సరిచేసిన లెటర్. వివరణ అడిగితే వివరణే వస్తుంది.

ఆవిడకు జవాబు మెయిల్‌లో రాలేదు, ఫోన్ వచ్చింది. సాధారణంగా అంతే. "మేడమ్, అందరికీ ఇదే స్ట్రక్చర్ అండీ" అన్నాడు. ఆవిడ అన్నది: "స్ట్రక్చర్ మార్చమనట్లేదండీ. ఫిక్స్‌డ్ పన్నెండు అయ్యేలా సీటీసీ పెంచడానికి వీలుంటుందేమో కనుక్కుంటారా?" ఫోన్ పెట్టేసిన పది నిమిషాల్లో, మాట్లాడుకున్నది మళ్లీ మెయిల్ పెట్టింది. నాలుగు రోజులకు కొత్త లెటర్ వచ్చింది: ఫిక్స్‌డ్ 11,20,000. పోస్టు పేరు మాత్రం మారలేదు.

పేరు దగ్గర ఒక మాట. చాలా కంపెనీల్లో జీతం పరిధి, ప్రమోషన్ లెక్క నడిచేది గ్రేడు మీద. అందుకని పేరు మార్చలేమంటే "లెటర్‌లో నా గ్రేడు రాయగలరా?" అని అడగండి. గ్రేడు కూడా ఒక మెట్టు కిందదే అయితే అది ఉత్త పేరు తేడా కాదు, వేరే ఉద్యోగం. ఆవిడ గ్రేడు అనుకున్నదే అని తేలింది, చేరింది.

జీతానికి బదులు జాయినింగ్ బోనస్ ఇస్తామంటే అది ఒక్కసారి వచ్చేదని, ఏడాదిలోపు మానేస్తే తిరిగి కట్టమనే షరతు ఉండొచ్చని గుర్తుంచుకుని చదవండి. చేతిలో లేని వేరే ఆఫర్ ఉందని మాత్రం రాయకండి. "ఆ లెటర్ పంపండి" అంటే జవాబుండదు.

అభ్యాసం: కింది మెయిల్‌ను తిరగరాయండి. దీంట్లో నాలుగు తప్పులున్నాయి. ఒకటి రాసినదాంట్లో కాదు, రాయకుండా వదిలేసినదాంట్లో ఉంది.

"సార్, మీరు ఫోన్‌లో ఎనిమిది లక్షలన్నారు, ఇప్పుడు ఆరున్నరే ఇచ్చారు. ఇది మోసం. నేను ఆల్రెడీ రిజైన్ చేశాను. ఎందుకిలా జరిగిందో వెంటనే వివరణ ఇవ్వగలరు."

మీ జవాబు పక్కన పెట్టుకోండి. 5వ పాఠం దాంతోనే మొదలవుతుంది: ఈ మెయిల్‌కు "బడ్జెట్ లేదు" అని తిరుగు జవాబు వస్తే ఏం రాయాలి.