ద్రవ్యోల్బణం పోను రాబడి ఎంత? విశ్రాంత జీవితానికి నెలకు ఎంత పొదుపు చేయాలి?

పాతికేళ్ల తర్వాత నాలుగైదు కోట్లు కావాలని ఎవరైనా చెప్తే ఆ అంకె ఎక్కువో తక్కువో మనకు తోచదు, ఎందుకంటే అప్పటి రూపాయి విలువ మన ఊహకు అందదు. అందుకే లెక్కంతా నేటి రూపాయిల్లోనే వేసుకుని, రాబడిలోంచి ద్రవ్యోల్బణాన్ని ముందే తీసేయడం మంచిది. విజయవాడలో ఉండే 35 ఏళ్ల ప్రైవేటు ఉద్యోగిని ఉదాహరణగా తీసుకుందాం. ఆయన 60వ ఏట ఉద్యోగం మానేయాలనుకుంటున్నారు; ఇప్పటికే 8 లక్షలు కూడబెట్టారు.

1. నేటి ధరల్లో ఖర్చు తేల్చుకోండి. పిల్లల ఫీజులు, ఇంటి అప్పు వాయిదాలు వంటివి అప్పటికి తీరిపోతాయి కనుక వాటిని తీసేసి, వైద్యం కోసం కొంత కలపాలి. ఈ ఉదాహరణలో అది నెలకు 40,000, అంటే ఏడాదికి 4,80,000 రూపాయలు.

2. ద్రవ్యోల్బణాన్ని ఎంచుకోండి. రిజర్వు బ్యాంకు లక్ష్యం 4 శాతమే అయినా, దానికి పైన రెండు శాతం, కింద రెండు శాతం వరకు వెసులుబాటు ఉంది. వైద్యం, పనివారి జీతాలు వంటివి సగటు ధరల కంటే వేగంగా పెరిగే అవకాశం ఉన్నందున నేను 6 శాతం తీసుకుంటాను. ఆ లెక్కన 25 ఏళ్లలో నెల ఖర్చు 40,000 నుంచి దాదాపు 1,72,000 అవుతుంది.

3. రాబడిని నిజాయితీగా అంచనా వేయండి. ఎక్కువ మంది తప్పు చేసేది ఇక్కడే. ఈక్విటీ ఫండ్లు 12 శాతం ఇస్తాయని విని, ఆ అంకెను మొత్తం పొదుపుకు అంటగడతారు. కానీ పొదుపంతా ఈక్విటీలో ఉండదు, ఫండు ఖర్చులూ పన్నులూ ఉంటాయి. మన ఉదాహరణలో 60 శాతం ఈక్విటీలో, 40 శాతం పీపీఎఫ్‌లో ఉందనుకుందాం. ఖర్చులు పోను ఈక్విటీకి 10.5 శాతం అన్నది నా ఊహ మాత్రమే. పీపీఎఫ్ వడ్డీ 2020 ఏప్రిల్ నుంచి 7.1 శాతం వద్దే ఉంది. రెండూ కలిపి సుమారు 9 శాతం వస్తుంది. దానిలోంచి ద్రవ్యోల్బణం తీసేయడానికి భాగహారం చేయాలి:

```
=1.09/1.06-1
```

జవాబు 2.83 శాతం. తొమ్మిదిలోంచి ఆరు తీసివేస్తే వచ్చే మూడు కంటే ఇది కొంచెం తక్కువ.

4. కావలసిన నిధిని లెక్కించండి. 60 నుంచి 85 ఏళ్ల వరకు 25 ఏళ్లు గడవాలి. అప్పుడు డబ్బు భద్రంగా ఉండే చోటే ఎక్కువ ఉంటుంది, వడ్డీ మీద పన్నూ పడుతుంది కాబట్టి రాబడిని 7 శాతానికి తగ్గించాను. స్ప్రెడ్‌షీట్‌లో ఇలా రాయండి:

```
=PV(1.07/1.06-1,25,-480000,0,1)
```

సుమారు 1 కోటి 7 లక్షల 50 వేలు వస్తుంది, అదీ నేటి రూపాయిల్లో. అప్పటి నోట్లలో ఇదే దాదాపు 4 కోట్ల 60 లక్షలు. తల్లిదండ్రులు తొంభై దాటిన కుటుంబాల వారు 25కు బదులు 30 పెట్టుకోవడం మేలు.

5. నెలసరి మొత్తాన్ని రాబట్టండి.

```
=-PMT(1.09/1.06-1,25,-800000,10750000)/12
```

దాదాపు 21,400 వస్తుంది. ఈ సూత్రం ఏటా ఒకసారి డబ్బు వేసినట్టు లెక్కిస్తుంది. నెలనెలా వేసి, ఏడాదికోసారి పెంచితే కొద్దిగా తేడా వస్తుంది కనుక 22,000 అనుకోవచ్చు. ఇక్కడ ఒక షరతు దాగి ఉంది, అది మరిచిపోతే లెక్కంతా కూలిపోతుంది: ఈ మొత్తాన్ని ప్రతి ఏడాది 6 శాతం చొప్పున పెంచుకుంటూ పోవాలి. ఏమీ పెంచకుండా పాతికేళ్లూ ఒకే మొత్తం వేయాలంటే మొదటి నెల నుంచే సుమారు 37,000 కావాలి.

6. రాబడిని మార్చి చూడండి. సూత్రంలో 1.09 స్థానంలో 1.08 పెడితే నెలకు దాదాపు 25,000 అవుతుంది, 1.12 పెడితే 12,100కే తగ్గుతుంది. ఆ చిన్న అంకె చూసి మురిసిపోయి అంతే పొదుపు చేసిన వ్యక్తికి లోటు తెలిసేది చాలా ఏళ్ల తర్వాత, దాన్ని పూడ్చుకునే వయసు దాటాక.

7. ఏటా ఒకసారి సరిచూసుకోండి. నెలకు 22,000 వేస్తే ఏడాది చివరికి ఖాతాల్లో మొత్తం కలిపి సుమారు 11.5 లక్షలు ఉండాలి. తగ్గితే ముందు వాయిదాలు ఏవైనా తప్పాయేమో చూడండి. అవన్నీ సరిగానే ఉంటే మార్కెట్ పడి ఉంటుంది, ఒక్క ఏడాది పతనాన్ని బట్టి రాబడి అంకెను మార్చనక్కర్లేదు. 4,80,000 స్థానంలో కొత్త ఖర్చు పెట్టి నిధిని తిరిగి లెక్కించి, ఆ నిధినీ ఖాతాల్లో ఉన్న అసలు నిల్వనూ నెలసరి మొత్తాన్ని రాబట్టిన సూత్రంలో వేసి, అందులోని 25ను 24 చేయండి. అప్పుడు వచ్చే అంకే వచ్చే ఏడాది నెలసరి పొదుపు.