అడిగే ప్రార్థన, ఆలకించే ప్రార్థన: రెండింటినీ కలిపేయకుండా చేయడం ఎలా?

మన సంఘాల్లో శుక్రవారం ఉపవాస ప్రార్థనకు వెళ్లినవారికి ప్రార్థనాంశాల చీటీలు తెలిసినవే. పరీక్ష, వీసా, పెళ్లి సంబంధం, అప్పు, ఆపరేషను ఒక్కొక్కటిగా చదివి విజ్ఞాపన చేస్తారు. ‘ఆమేన్’ అన్న మరుక్షణమే ప్లాస్టిక్ కుర్చీలు జరుగుతున్న చప్పుడు మొదలవుతుంది. అడగడం మనకు బాగా వచ్చు; అడిగిన తర్వాత కూర్చోవడమే రాదు. ఈ లోటు గమనించి ‘దేవుని స్వరం వినాలి’ అని మౌనంగా కూర్చునేవారు కొందరున్నారు. వారిలో చాలామంది అయిదు నిమిషాలు కళ్లు మూసుకుని, అంతకు ముందు అడిగిన విషయానికే జవాబు కోసం చెవి ఒగ్గి, ఏమీ వినబడలేదని నిరుత్సాహపడి లేచిపోతారు. నిజానికి వారు చేసింది నోరు మూసుకుని చేసిన విన్నపమే. ఈ రెండు ప్రార్థనలు మనిషిలో చేసే పని వేరు కనుక, వాటిని విడివిడిగా, ఒకదాని తర్వాత ఒకటిగా చేయాలి.

ముందు అడగండి (పది నిమిషాలు)

మనకేమి అక్కరో అడగకముందే తండ్రికి తెలుసునని యేసే చెప్పినప్పుడు, ఇక అడగడం ఎందుకు? రోము నగరపు విధవరాలు ప్రోబాకు 412 ప్రాంతంలో రాసిన ఉత్తరంలో ఆదిమ సంఘపు బిషప్పు అగస్టీను ఈ ప్రశ్ననే చర్చించాడు. దేవునికి తెలియజేయడానికి కాదు, ఆయన ఇవ్వబోయేదాన్ని అందుకోగలిగేటంతగా మన కోరిక సాధనలో విశాలం కావడానికి అడుగుతామన్నది ఆయన సమాధానం. అంటే విన్నపం పనిచేసేది ముందుగా అడిగేవాడి మీదే.

కాబట్టి విన్నపం స్పష్టంగా ఉండాలి. ఒక నోటుపుస్తకంలో తేదీ వేసి, కావలసినదాన్ని ఒకే వాక్యంలో రాయండి. ‘అందరినీ దీవించు’ వంటి వాక్యం మర్యాదగా కనిపిస్తుంది కాని, అందులో మీరు లేరు. యెరికో దారిలో గుడ్డివాడైన బర్తిమయికి ఏం కావాలో చూసినవారందరికీ తెలుస్తూనే ఉన్నా, ఏం చేయాలని కోరుతున్నావో చెప్పమని యేసు అతన్ని అడిగాడు.

రాసిన తర్వాత, ‘ఇది దొరికితే నాకు నిజంగా దొరికేది ఏమిటి?’ అని ప్రశ్నించుకుని, రెండో వాక్యం రాయండి. మా పిన్నికి, ఆమె తమ్ముడికి మధ్య నలభై సెంట్ల స్థలం గురించి కోర్టులో దావా నడుస్తోంది. ఆమె మొదట రాసింది ‘ఈ వాయిదాలో నేను గెలవాలి’ అని. రెండో వాక్యం దగ్గర చాలాసేపు ఆగి, ‘నాన్న నన్ను వేరుగా చూడలేదని తేలాలి’ అని రాసింది. దాన్ని కొట్టేసి, కింద ‘వాడు మళ్లీ మా ఇంటికి రావాలి’ అని రాసింది. ఈ మూడింటిలో కోర్టు ఇవ్వగలిగింది మొదటిదొక్కటే. విన్నపం చేయవలసిన పని ఇదే: పైకి కనబడే కోరికను తవ్వి, అడుగునున్నదాన్ని బయటికి తీయడం.

ఇప్పుడు ఆ మాటను గొంతు విప్పి దేవునికి చెప్పండి, ఆ తర్వాతే ‘నీ చిత్తం’ అనండి. ఈ వరుస మార్చకూడదు. గెత్సేమనేలో యేసు ముందుగా గిన్నె తొలగించమని అడిగి, ఆ తర్వాతే తండ్రి చిత్తానికి అప్పగించుకున్నాడు. అడగవలసింది మింగేసి నేరుగా ‘నీ చిత్తం’ అనేయడం భక్తిలా కనిపించినా, చాలాసార్లు అది అడిగి కాదనిపించుకుంటామన్న భయమే. ఒకసారి అడిగితే చాలా అన్న సందేహమూ అక్కరలేదు. పౌలు తన ముల్లు గురించి మూడుసార్లు వేడుకున్నాడు.

పుస్తకం మూసి, మరో గదిలో పెట్టండి

చిన్న పనిలా ఉన్నా, ఇది చేయకపోతే తర్వాతి మెట్టు చెడుతుంది. పుస్తకం ఒళ్లో ఉన్నంతసేపూ మౌనం జవాబు కోసం ఎదురుచూపుగానే మిగులుతుంది.

తర్వాత ఆలకించండి (ఇరవై నిమిషాలు)

ఇక్కడ చెబుతున్న పద్ధతి 1970లలో అమెరికాలోని స్పెన్సర్ మఠంలో థామస్ కీటింగ్, మరి ఇద్దరు సన్యాసులు కూర్చినది. దాని మూలం 14వ శతాబ్దంలో ఇంగ్లండులో పేరు చెప్పుకోని ఒకరు రాసిన పుస్తకంలో ఉంది.

వెన్ను నిటారుగా ఉంచి కూర్చోండి. నేల మీదా కుర్చీలోనా అన్నది మీ మోకాళ్లు తేల్చవలసిన విషయం. ‘తండ్రీ’, ‘యేసూ’ వంటి చిన్న మాటను ఎంచుకుని, ఆ పూటకు మార్చకండి. అది జపించడానికి కాదు. ‘నీవు ఇక్కడ ఉన్నావు, నాకు సమ్మతమే’ అన్నదానికి గుర్తు మాత్రమే. ఒక ఆలోచన వెంట వెళ్లిపోయినట్టు తెలిసినప్పుడు, ఆ మాటను మెల్లగా తలచుకుని తిరిగి రండి. ఇరవై నిమిషాల్లో యాభైసార్లు వెళ్లిపోయినా తప్పు కాదు, తిరిగి రావడమే ఇక్కడి సాధన. గంట మోగాక రెండు నిమిషాలు కళ్లు మూసుకునే ఉండి లేవండి.

లేవగానే ‘ఏమైనా వచ్చిందా?’ అని వెతుక్కుంటున్నారంటే, ఇంకా అడుగుతూనే ఉన్నారన్నమాట. మాటను కర్రలా వాడి ఆలోచనలను తరమడం, కన్నీళ్లో పులకింతో రాలేదని బాధపడడం కూడా ఇలాంటి పొరపాట్లే. ఈ ప్రార్థన సమాచారం ఇవ్వడానికి కాదు, పట్టు సడలించడానికి. దాని ఫలితం కూర్చున్న చోట కాక బయట, కొన్ని వారాల తర్వాత కనిపిస్తుంది. పిన్ని విషయంలో అది లాయరు ఫోను రూపంలో కనిపించింది. ఆ ఫోను వచ్చిన ప్రతిసారీ తమ్ముణ్ణి తిట్టే మనిషి, ఒక రోజు విని, ‘సరే’ అని పెట్టేసింది. పెట్టేశాక తనకే ఆశ్చర్యం వేసిందట. దావా మాత్రం ఇంకా నడుస్తూనే ఉంది.

మౌనంలో ఒక ‘మాట’ తోస్తే

అప్పుడప్పుడు స్పష్టమైన తలంపు వస్తుంది. ‘దేవుడు చెప్పాడు’ అని ఆ పూటే ప్రకటించకండి. మంచి మార్గంలో సాగుతున్న మనసులోకి మంచి ప్రేరణ స్పంజి మీద నీటిచుక్కలా నెమ్మదిగా దిగుతుందని, చెడుది రాతి మీద పడినట్టు చప్పుడుతో పడుతుందని జెస్యూట్ సభ స్థాపకుడు లొయోలా ఇగ్నేషియస్ రాశాడు. వెంటనే చేయమని తొందరపెట్టేదాన్ని, ఎవరికీ చెప్పవద్దనేదాన్ని అనుమానించండి. పుస్తకంలో రాసి, వారం తర్వాత చదవండి. మీతో విభేదించగల ఒక పెద్దకు వినిపించండి. పిన్నికి తోచింది తమ్ముడి మనవరాలి పుట్టినరోజుకు వెళ్లాలని. వారం తర్వాతా అది అలాగే ఉంది కనుక వెళ్లింది.

చెవిలో ఎవరో ఆజ్ఞాపిస్తున్నట్టు వినబడుతుంటే, నిద్ర పట్టకపోతుంటే అది ఈ పద్ధతితో తేలే విషయం కాదు. మానసిక వైద్యుణ్ణి కలవాలి. ఇంట్లో మరణం జరిగి రోజులు కూడా కాని మనిషికి ఇరవై నిమిషాల మౌనం భరించరానిది కావచ్చు. అలాంటివారు మౌనం జోలికి పోకుండా, విలాప కీర్తనలను పైకి చదువుతూ అడగడం దగ్గరే ఉండవచ్చు.

రోజూ అరగంట దొరకనివారు రెండింటినీ అయిదేసి నిమిషాలకు కుదించడం కన్నా, పొద్దున విన్నపం, రాత్రి పూర్తి ఇరవై నిమిషాల మౌనం పెట్టుకోవడం మేలు. మనసు కుదురుకోవడానికే మొదటి ఏడెనిమిది నిమిషాలు పోతాయి.