నెలసరికి ఒక్క తేదీ కాదు, వారం రాసుకున్నాను

రక్తస్రావం ఆగిన రోజు నుంచి 28 రోజులు కూడుతూ నేను చాలాకాలం నెలసరి తేదీని తప్పుగా లెక్కవేశాను. స్రావం మొదలైన రోజును ఒకటో రోజుగా తీసుకుని, మళ్లీ మొదలయ్యే ముందురోజు వరకు లెక్కించాలని తెలిశాక, గత ఆరు చక్రాలను రాసి చూస్తే 27, 31, 28, 30, 26, 32 రోజులు వచ్చాయి, సగటు 29. మార్చి 3న మొదలైంది కాబట్టి సగటు ప్రకారం ఏప్రిల్ 1న రావాలి. కానీ మార్చి 3కి ఒకసారి అతి తక్కువైన 26నూ, మరోసారి అతి ఎక్కువైన 32నూ కూడితే మార్చి 29 నుంచి ఏప్రిల్ 4 వరకు ఎప్పుడైనా రావచ్చు. అండం విడుదలయ్యాక నెలసరికి పట్టే కాలం పెద్దగా మారదు, సుమారు రెండు వారాలే. అండం పక్వమయ్యే మొదటి భాగమే, ఒక్కోసారి ఏ కారణమూ కనిపించకుండానే, సాగుతుంది లేదా కుదించుకుపోతుంది. చివరికి ఏప్రిల్ 3న వచ్చింది; సగటును బట్టి రెండు రోజులు ఆలస్యం, నేను రాసుకున్న వారంలో మాత్రం ఆలస్యమే కాదు.