జననాంగ క్షయ – సంతానలేమి: 3వ పాఠం
గర్భాశయ లోపొర నమూనా: ఎప్పుడు తీయాలి, ఏ సీసాలో వేయాలి, ఫలితాన్ని ఎలా చదవాలి

క్షయ క్రిములు ఊపిరితిత్తుల నుంచి రక్తం ద్వారా ముందు ఫెలోపియన్ ట్యూబుల్లోకి, అక్కడి నుంచి గర్భాశయంలోకి చేరతాయని గత పాఠంలో చూశాం. ట్యూబుల నుంచి ముక్క తీయడం కష్టం కాబట్టి గర్భాశయ లోపొర, అంటే ఎండోమెట్రియం దగ్గరికే వెళ్తాం. చిక్కేమిటంటే ఈ పొర నెలనెలా ఊడిపోతుంది. జబ్బు గుర్తులైన గ్రాన్యులోమాలు అందులో ఏర్పడటానికి కొన్ని వారాలు పట్టాలి, ఈలోపే బహిష్టు వచ్చి పొరతో పాటు అవీ పోతాయి. అందుకే బహిష్టుకు ముందు వారంలో, పొర పూర్తిగా ఎదిగినప్పుడు తీస్తే దొరికే అవకాశం ఎక్కువ. పదో రోజున తీసిన ముక్కలో ఏమీ కనబడకపోతే అది జబ్బు లేదనడానికి రుజువు కాదు.

రోజును ముందు నుంచి కాకుండా వెనక నుంచి లెక్కపెట్టండి. 28 రోజుల చక్రంలో 23వ రోజు సరిపోతుంది, 35 రోజుల చక్రమైతే అది 30వ రోజు అవుతుంది. ఆ దశలో మూత్ర పరీక్ష ఇంకా గర్భాన్ని పట్టలేకపోవచ్చు. కాబట్టి ఆ నెల మొదటి నుంచే కండోమ్ వాడమని ముందుగా చెప్పాలి. ఈ మాట చెప్పడం చాలాసార్లు మరిచిపోతారు.

సన్నటి ప్లాస్టిక్ గొట్టంతో లోపొరను పీల్చి తీయవచ్చు, క్యూరెట్‌తో గీకి తీయవచ్చు. ఏది వాడినా ట్యూబులు తెరుచుకునే రెండు పై మూలల నుంచి కూడా ముక్క రావాలి, ఎందుకంటే జబ్బు ట్యూబుల నుంచి దిగేది అక్కడికే. మధ్యలో మాత్రమే గీకితే జబ్బున్న చోటు తప్పిపోతుంది.

అసలు పని చెడేది సీసా దగ్గర. తీసిందంతా అలవాటుగా ఫార్మలిన్‌లో వేసేస్తారు. ఫార్మలిన్‌లో క్రిమి చచ్చిపోతుంది, ఇక కల్చర్ కుదరదు. ముక్కను అక్కడికక్కడే రెండు భాగాలు చేయండి. ఒకటి ఫార్మలిన్‌లో వేసి కణజాల పరీక్షకు పంపాలి. రెండోది ఏ నిల్వ మందూ కలపని స్టెరైల్ సెలైన్‌లో, ముక్క మునిగేంత మాత్రమే పోసి, స్మియర్, జీన్‌ఎక్స్‌పర్ట్, కల్చర్‌లకు అదే రోజు చేర్చాలి. ఆలస్యమైతే ఫ్రిజ్‌లో ఉంచవచ్చు, గడ్డకట్టించకూడదు. సీసా మీద 'క్షయ కల్చర్‌కు' అని రాయకపోతే ల్యాబ్ దాన్ని మామూలు కల్చర్‌కు పెట్టే ప్రమాదముంది.

ఇప్పుడు ఒక ఉదాహరణ. 29 ఏళ్ల స్త్రీకి నాలుగేళ్లుగా గర్భం లేదు, ఏడాదిగా బహిష్టు పలచబడింది. 23వ రోజున నమూనా తీశారు. స్మియర్ నెగెటివ్. ఇందులో వింతేమీ లేదు. స్మియర్‌లో కనబడాలంటే మిల్లీలీటరుకు వేలల్లో క్రిములు ఉండాలి, ఈ జబ్బులో ఉండేవి కొద్దిగానే. జీన్‌ఎక్స్‌పర్ట్ కూడా నెగెటివ్ వచ్చింది. కణజాల పరీక్షలో మాత్రం ఎపిథెలియాయిడ్ కణాల గ్రాన్యులోమాలు, లాంగ్‌హాన్స్ రాక్షస కణాలు కనబడ్డాయి. కేసియేషన్ అనే జున్నులాంటి కుళ్లు లేదు. పొర ఊడిపోయేలోపు కుళ్లు ఏర్పడేంత సమయం సాధారణంగా ఉండదు కాబట్టి అది లేకపోవడాన్ని బట్టి క్షయను కొట్టేయకూడదు. ఇలాంటి గ్రాన్యులోమాలు ఇతర కారణాల వల్లా రావచ్చు. అయితే ఇక్కడ లక్షణాలూ కలిశాయి కాబట్టి మందులు మొదలుపెట్టారు. ద్రవ కల్చర్‌కు ఆరు వారాలు గడువు, ఆమెది ఐదో వారంలో పాజిటివ్ వచ్చింది. దాంతో నిర్ధారణ గట్టిపడింది, ఏ మందుకు క్రిమి లొంగుతుందో చూసే వీలూ కలిగింది.

ఇదే కేసులో మామూలు పీసీఆర్ ఒక్కటే పాజిటివ్ వచ్చి, మిగతావన్నీ నెగెటివ్ అయి, లక్షణాలూ లేకపోతే? ఆ ఒక్క కాగితం మీద ఆరు నెలల మందులు మొదలుపెట్టకూడదు. పీసీఆర్ చచ్చిన క్రిమి జన్యుపదార్థాన్నీ, ల్యాబ్‌లో అంటిన మలినాన్నీ కూడా పాజిటివ్‌గా చూపగలదు. లాపరోస్కోపీలో కంటితో చూసి, అక్కడి ముక్కనూ పరీక్షించాక తేల్చడం మేలు.

మందులకు లొంగే క్రిమికి మొదటి రెండు నెలలు ఐసోనియాజిడ్, రిఫాంపిసిన్, పైరజినమైడ్, ఇథాంబుటాల్. తర్వాత నాలుగు నెలలు ఐసోనియాజిడ్, రిఫాంపిసిన్ (కొన్నిచోట్ల ఇథాంబుటాల్‌నూ కొనసాగిస్తారు). రిఫాంపిసిన్ గర్భనిరోధక మాత్రల ప్రభావాన్ని తగ్గిస్తుంది, కాబట్టి ఈ ఆరు నెలలూ వేరే పద్ధతి పాటించాలి. ఇథాంబుటాల్ వాడేటప్పుడు చూపు మసకబారినా, ఎరుపు–ఆకుపచ్చ తేడా తెలియకపోయినా వెంటనే చెప్పాలి.

మందు క్రిమిని చంపుతుంది, మచ్చను చెరపలేదు. మన ఉదాహరణలో ఆరు నెలల తర్వాత తీసిన నమూనా శుభ్రంగా వచ్చింది, కానీ రెండు ట్యూబులూ నీటితో ఉబ్బి మూసుకుపోయి ఉన్నాయి. ఆ నీరు గర్భాశయంలోకి కారితే పిండం అతుక్కునే అవకాశం తగ్గుతుంది, అందుకే ఐవీఎఫ్‌కు ముందు ట్యూబులు తీసేయడమో, గర్భాశయం వైపు మూసేయడమో చేస్తారు. మూసుకుపోయిన ట్యూబులను తెరిచే శస్త్రచికిత్సకు క్షయలో ఫలితం తక్కువ. ఐవీఎఫ్ ఫలించేదీ లేనిదీ చాలావరకు లోపొర మీదే ఆధారపడుతుంది: అతుకులు లేకుండా, ప్రతి చక్రంలో తగినంత ఎదుగుతుంటే ఆశ ఉంటుంది. గోడలు అతుక్కుపోయి బహిష్టే ఆగిపోయినవారిలో హిస్టెరోస్కోపీతో అతుకులు విడదీసినా అవి మళ్లీ ఏర్పడటం తరచుగా జరుగుతుంది.

గర్భం నిలిచాక కూడా ఒక జాగ్రత్త ఉంది. ట్యూబులు దెబ్బతిన్నవారిలో గర్భం గర్భాశయం బయట పెరిగే ప్రమాదం ఎక్కువ. కాబట్టి ఆరు, ఏడు వారాలకల్లా స్కాన్ చేసి అది లోపలే ఉందని చూడాలి. ఈలోపు ఒకపక్క కడుపునొప్పి గానీ రక్తస్రావం గానీ ఉంటే ఆ తేదీ దాకా ఆగకూడదు.

4వ పాఠం: లాపరోస్కోపీలో క్షయ గుర్తులు.