సేల్స్‌కీ ప్లాంట్‌కీ పడనప్పుడు మధ్యలో ఉన్నవాళ్లు ఏం చేయాలి?

భీమవరం, ఉండి, ఆకివీడు చుట్టుపక్కల రొయ్యల మేత తయారుచేసే ప్లాంట్లలో పనిచేసిన ఎవరినడిగినా ఈ గొడవ గురించి చెబుతారు. డీలర్‌కి బండి ఆలస్యమైతే సేల్స్ వాళ్లు "ప్లాంట్ వాళ్లకి మార్కెట్ పట్టదండీ" అంటారు. ప్లాంట్ వాళ్లు "వాళ్లు నోటికొచ్చిన డేటు చెప్పేస్తారు, మేం పడాలి" అంటారు. ఈ రెండింటి మధ్య బిల్లింగ్‌లోనో, స్టోర్స్‌లోనో, ల్యాబ్‌లోనో ఒకరుంటారు. ఇన్సెంటివ్ అమ్మకం మీదా ఉండదు, టన్నేజీ మీదా ఉండదు. అందుకే ఇద్దరూ వచ్చి చాడీలు ఆయనకే చెప్పుకుంటారు. ఈ వ్యాసం ఆ మనిషి కోసం.

సర్దిచెప్పడంతో మొదలుపెట్టకండి. "ఇద్దరూ కొంచెం అర్థం చేసుకోండి" అంటే ఇద్దరికీ ఒళ్లు మండుతుంది. ముందు ఆలస్యమైన ఒకే ఒక్క ఆర్డర్ తీసుకుని, అది ఎన్ని గంటలకు ఎవరి చేతిలో ఉందో కాగితం మీద రాయండి.

ఒక్క ఆర్డర్‌ని గంటల్లో రాయడం

ఏ ఆర్డర్ తీసుకోవాలన్నది ముఖ్యం. పెద్ద రభస జరిగిన ఆర్డర్ వద్దు, దాని గురించి ఇప్పటికే ఎవరి మాట మీద వాళ్లు నిలబడి ఉంటారు. గత వారం మామూలుగా ఆలస్యమై, రెండు ఫోన్లతో ముగిసిపోయినది తీసుకోండి.

సమయాల కోసం మనుషుల్ని అడగొద్దు. జ్ఞాపకం ఎప్పుడూ మన పక్షమే మాట్లాడుతుంది. సేల్స్ ఆఫీసర్ వాట్సాప్ మెసేజి, ఇండెంట్ అనే ఆర్డర్ కాగితం ఎంట్రీ, బిల్లింగ్ సాఫ్ట్‌వేర్‌లో క్రెడిట్ వదిలిన టైము, ప్లాంట్ షిఫ్టు లాగ్‌బుక్, కాటా చీటీ, గేటు రిజిస్టర్ చూస్తే చాలు. వీటిలో చాలావాటి మీద టైము దానంతటదే పడుతుంది, లేదా కాపలాదారు చేత్తో రాస్తాడు. ప్లాంట్ లాగ్‌బుక్ చూసేముందు షిఫ్టు ఇన్‌ఛార్జిని అడిగి తీసుకోండి. ఆయన లేనప్పుడు తిరగేశారని తెలిస్తే అక్కడితో మీ పని అయిపోయినట్టే.

ఒక ఉదాహరణ చూద్దాం. ఆకివీడు డీలర్ 480 బస్తాలు, అంటే 25 కేజీల లెక్కన 12 టన్నులు అడిగాడు. అందులో రెండో నంబరు మేత 200 బస్తాలు, మూడో నంబరు 280. నంబరు అంటే గుళిక సైజు, రెండోది మూడోదానికన్నా చిన్నది.

- మంగళవారం రాత్రి 8: డీలర్ ఫోన్ చేశాడు. సేల్స్ ఆఫీసర్ "గురువారం పొద్దున్నే దించేస్తామండీ" అన్నాడు.
- బుధవారం ఉదయం 11: ఇండెంట్ ఆఫీసులో ఎక్కింది. డీలర్ పాత బాకీ లిమిట్ దాటడంతో అకౌంట్స్ ఆపింది.
- మధ్యాహ్నం 3.40: డబ్బు పడింది, ఆర్డర్ ప్లాంట్ చేతికొచ్చింది. ఆ రోజు ప్లాన్ ఉదయమే వేసేశారు, లైన్ మీద మూడో నంబరు నడుస్తోంది.
- రాత్రి 10: షిఫ్టు మారాక గుళిక సైజును నిర్ణయించే డై మార్చారు. తెల్లవారుజామున 2 కల్లా రెండో నంబరు బస్తాలు సిద్ధం.
- గురువారం 10.30: లారీ వచ్చింది.
- మధ్యాహ్నం 1.15: లోడింగ్, కాటా, బిల్లు, గేట్‌పాస్ అయి బండి బయటికెళ్లింది. 2.30కి ఆకివీడులో ఉంది.

ఇప్పుడు లెక్క కట్టండి. ఫోన్ నుంచి బండి చేరేదాకా 42 గంటల 30 నిమిషాలు. అందులో 19 గంటల 40 నిమిషాలు ఆర్డర్ కాగితంగానే ఉంది, మెషీన్ దగ్గరికే రాలేదు. ప్లాంట్ చేతిలో ఉన్నది 10 గంటల 20 నిమిషాలు. బస్తాలు సిద్ధమై లారీ కోసం గోడౌన్‌లో ఎదురుచూసింది 8 గంటల 30 నిమిషాలు. మిగతాది లోడింగు, ప్రయాణం.

సేల్స్ వాళ్ల లెక్కలో ఆర్డర్ మంగళవారం ఇచ్చింది. ప్లాంట్ వాళ్ల లెక్కలో బుధవారం మధ్యాహ్నం అందింది. ఇద్దరూ అబద్ధం చెప్పడం లేదు, ఇద్దరి గడియారాలూ వేరే చోట మొదలవుతున్నాయి. ఇక ఆ ఎనిమిదిన్నర గంటలు ఎవరివో ఎవరికీ తెలియదు. బస్తాలు సిద్ధమయ్యాయని రాత్రి షిఫ్టు వాళ్లు డిస్పాచ్‌కి చెప్పలేదు, ఎందుకంటే చెప్పమని వాళ్లకెవరూ చెప్పలేదు. లారీని ముందే పిలవాల్సింది ఎవరన్నది ఎక్కడా రాసి లేదు. ఇలాంటి ఖాళీల్లోనే నింద పుడుతుంది. మీరు బిల్లింగ్‌లో ఉంటే ఇంకో సంగతి కనబడుతుంది: బాకీ కోసం ఆగిన 4 గంటల 40 నిమిషాలు మీ డిపార్ట్‌మెంట్‌వే. ఆ గీత కూడా కాగితం మీద ఉండాల్సిందే, లేకపోతే మిమ్మల్ని ఎవరూ నమ్మరు.

ఇద్దరికీ విడివిడిగా చూపించండి

ముందు మీటింగు పెట్టకండి. మీటింగులో నలుగురి ముందు చూపిస్తే అది చార్జిషీటు అవుతుంది. మొదట ప్లాంట్ మేనేజర్ దగ్గరికి టీ టైములో వెళ్లండి. ప్లాంట్ వాళ్లతో మొదలుపెట్టడానికి కారణం ఉంది. సేల్స్ వాళ్లు రోజూ ఎండీ గారితో ఫోన్లో మాట్లాడతారు, ప్లాంట్ వాళ్ల మాట పైదాకా వెళ్లడం తక్కువ. ముందు వాళ్ల దగ్గరికి వెళితే "ఇతను సేల్స్ మనిషి" అన్న అనుమానం పుట్టదు.

"ఏవండీ, ఆకివీడు బండి ఎక్కడెక్కడ ఆగిందో రాశాను. ఎవరి మీదా కాదండీ. ఇందులో మీ టైములు సరిగ్గా ఉన్నాయో లేదో చూసి చెప్తారా?" అంటే చాలు. తప్పెవరిదని అడగొద్దు, టైము సరిచూడమనండి. ఆయన ఒక టైము దిద్దితే వెంటనే ఆయన పెన్నుతోనే దిద్దనివ్వండి. అదే కాగితం తర్వాత సేల్స్ ఆఫీసర్‌కి చూపించినప్పుడు ఆ దిద్దుబాటు కనబడుతుంది. ఆయనా ఒకటి దిద్దుతాడు. అప్పటినుంచి ఆ కాగితం ఇద్దరిదీ అవుతుంది.

ఒకరు చెప్పినమాట రెండోవాళ్లకి మోయకండి. "మార్కెట్ తెలియని మొద్దులని వాళ్లంటున్నారు" లాంటిది మీ చెవిలో పడితే అక్కడే ఉండిపోవాలి. అది మోస్తే ఎంత మంచి లెక్కైనా చెల్లదు.

రెండు పక్షాల భయమూ అంకెల్లో

సమయాలు ఒప్పుకున్నాక అసలు చిక్కు బయటపడుతుంది, అది సాధారణంగా సైజు మార్పు దగ్గరే. డై మార్చి, వేడెక్కించి, మొదట వచ్చే పనికిరాని మేత తీసేసి సరైన గుళికలు రావడానికి ఈ ప్లాంట్‌లో రెండు గంటలు పడుతుందనుకుందాం. లైన్ గంటకి 4 టన్నులు ఇస్తుంటే 8 టన్నులు పోయినట్టు. రెండో నంబరుకి మారి మళ్లీ మూడో నంబరుకి రావడానికి 16 టన్నులు. అడిగింది మాత్రం 5 టన్నులు. ప్లాంట్ మేనేజర్ మొహం ముడుచుకోవడం మొండితనం కాదు, నెలాఖరుకి ఆయన్ని అడిగేది టన్నేజీయే.

సేల్స్ వైపు లెక్క వేరు. చెరువులో రొయ్య చిన్నగా ఉన్నప్పుడు పెద్ద గుళిక పెడితే తినలేదు, మేత అడుగున కుళ్లి నీరు పాడవుతుంది. రెండో నంబరు దొరక్కపోతే రైతు ఆ సాయంత్రమే పక్క షాపులో వేరే కంపెనీ మేత తెచ్చుకుంటాడు. అది సరిపడితే ఆ పంట అయ్యేదాకా మార్చడు. 200 బస్తాల ఆలస్యం మూడు నెలల అమ్మకాన్ని పట్టుకుపోవచ్చు. ఈ రెండు లెక్కలూ ఒకే కాగితం మీద పక్కపక్కన పెట్టండి. ప్లాంట్ వాళ్లకి రైతు లెక్క, సేల్స్ వాళ్లకి 16 టన్నుల లెక్క తరచూ మొదటిసారి కనబడేది ఇక్కడే.

ఇప్పుడు కూర్చోబెట్టండి

పావుగంట చాలు, నిలబడి మాట్లాడితే ఇంకా మంచిది. మూడు నిర్ణయాలు తప్ప ఇంకేమీ అడగకండి.

మొదటిది, గడియారం ఎక్కడ మొదలవుతుంది. ఇండెంట్ ఎక్కి, క్రెడిట్ వదిలిన క్షణం నుంచి అని ఒప్పుకుంటే సేల్స్ ఆఫీసర్ డీలర్‌కి డేటు చెప్పేముందు బాకీ చూసుకుంటాడు. రోజూ సాయంత్రం 4 లోపు ఎక్కినవే మర్నాటి ప్లాన్‌లోకి వస్తాయని గీత గీయాలి.

రెండోది, తక్కువగా నడిచే సైజులకి వారంలో ఫిక్స్‌డ్ రోజులు. ఉదాహరణకి రెండో నంబరు సోమ, గురువారాలు. డీలర్లకి అదే చెబుతారు, వాళ్లు అలవాటు పడతారు. "ముందే చేసి గోడౌన్‌లో పెట్టేద్దాం" అని ఎవరో ఒకరు అంటారు. మన తేమ గాలిలో మేత ఎక్కువకాలం ఉంచితే బూజు పడుతుంది, కాబట్టి అత్యవసరానికి కొద్ది బస్తాలకి మించి ఉంచకూడదు. తొందరపడి చల్లారని మేతను బస్తాకెక్కించినా అదే గతి. "రెండు గంటలు ముందివ్వండి" అన్న ఒత్తిడికి ప్లాంట్ ఒప్పుకోకపోవడానికి ఇది న్యాయమైన కారణం.

మూడోది, ఆ ఎనిమిదిన్నర గంటలకి యజమాని. బస్తాలు సిద్ధమయ్యే రెండు గంటల ముందు షిఫ్టు ఇన్‌ఛార్జి డిస్పాచ్ గ్రూపులో ఒక మెసేజి పెట్టడం, డిస్పాచ్ గుమాస్తా లారీని, హమాలీలను ఖాయం చేయడం. ఇక్కడ పెద్ద ఖర్చేమీ లేదు, అందుకే ఫలితం కూడా ముందు ఇక్కడే కనిపిస్తుంది.

తర్వాత కొన్ని వారాలు ఆలస్యాలను ఒక షీట్‌లో రాయండి: ఇండెంట్ ఆలస్యం, క్రెడిట్, సైజు మార్పు, బ్రేక్‌డౌన్, లారీ, డీలర్ రద్దు. మనుషుల పేర్ల కాలమ్ పెట్టకండి, ఎవరు అడిగినా సరే. రద్దుల కాలమ్ మరవొద్దు. రొయ్యలకి తెల్లమచ్చ రోగం పడిందని రైతులు చెరువులు తొందరగా పట్టేసినప్పుడు ఆర్డర్లు ఒక్కసారిగా ఆగిపోతాయి, తయారైన మేత గోడౌన్‌లో ఉండిపోతుంది. ఆ నష్టం ఎవరి తప్పూ కాదని రాసి ఉంటే తప్ప, నెలాఖరు మీటింగులో ఎవరో ఒకరి నెత్తిన పడుతుంది.

కుదురుతోందా లేదా అన్నది గొడవలు తగ్గడం బట్టి చూడకండి. మాట్లాడుకోవడం మానేసినా గొడవ తగ్గుతుంది. డిస్పాచ్‌కి "బండి ఎక్కడుంది?" అని వచ్చే ఫోన్లు తగ్గాయా, ప్లాన్ వేశాక మార్చిన ఆర్డర్లు తగ్గాయా, సేల్స్ ఆఫీసర్ డీలర్‌కి మాట ఇచ్చేముందు ప్లాంట్‌కి తానే ఫోన్ చేస్తున్నాడా అన్నవి చూడండి. అన్నీ మీ ద్వారానే నడుస్తున్నాయంటే కుదరలేదన్నమాట. అప్పుడు ఒక్కో ఫోన్‌కీ "మీరే ఒకసారి ఆయన్ని అడగండీ" అని నెంబరు ఇచ్చి పక్కకి తప్పుకోండి.

ఒకటి మాత్రం మీ చేతిలో లేదు. సేల్స్ ఇన్సెంటివ్ బస్తాల మీద, ప్లాంట్ ఇన్సెంటివ్ టన్నేజీ మీద ఉన్నంతకాలం చిన్న ఆర్డర్ల దగ్గర పేచీ మళ్లీ వస్తుంది. షీట్‌లో సైజు మార్పు కాలమే నిండుతూ ఉంటే దాన్ని పట్టుకుని పైవాళ్ల దగ్గరికి వెళ్లండి. ప్లాన్ ప్రకారం మార్చిన సైజులకి పోయిన గంటలను ప్లాంట్ టన్నేజీలోంచి మినహాయించాలని, ఆలస్యంగా ఎక్కించిన ఇండెంట్లకి సేల్స్ వాళ్లు డేటు అడగకూడదని, ఈ రెండే అడగండి. ఇద్దరు మేనేజర్లనూ తీసుకునే వెళ్లండి. వాళ్లలో ఒకరు రానంటే ఆ వారానికి ఆగండి, ఒక్కరితో వెళ్లకండి.

ఆ షీట్‌నే అప్రైజల్‌కి సాక్ష్యంగా ఇవ్వమని పైనుంచి ఎవరైనా అడిగితే, అందులో మనుషుల పేర్లు లేవండీ అని చెప్పండి. పేర్ల కాలమ్ వద్దన్నది అందుకే.