స్టేట్‌మెంట్‌లో తెలియని పేరు: డబ్బు ఎవరు తీసుకున్నారో ఇలా కనుక్కున్నాను

పోయిన నెల నా కార్డు స్టేట్‌మెంట్‌లో `ZVK*FRNGSTD` అని ఒక లైను కనిపించింది. ఆ పేరుతో నేనేమీ కొనలేదు. చాలా టెన్షన్ పడ్డాను.

ముందు నక్షత్రం గుర్తు చూశాను. దానికి ఎడమవైపు ఉండేది సాధారణంగా డబ్బు వసూలు చేసిపెట్టే మధ్యవర్తి సంస్థ గుర్తు, కుడివైపు ఉండేది అసలు అమ్మకందారు పేరు. పేరుకు ఉండే చోటు సుమారు 22 నుంచి 25 అక్షరాలే, అందుకే దాన్ని ఇలా కుదించేస్తారు.

తర్వాత మెయిల్‌లో ఆ మొత్తం కోసం వెతికితే ఏమీ దొరకలేదు. రసీదు వేరే కరెన్సీలో ఉంటే అంకె కలవదు కదా! అప్పుడు తేదీతో వెతికాను. స్టేట్‌మెంట్‌లో పడే తేదీ కొనుగోలు కంటే ఒకటి రెండు రోజులు ఆలస్యం కావచ్చు కాబట్టి అంతకు ముందు మూడు రోజుల మెయిళ్లు కూడా చూశాను. ఏడాది క్రితం పెట్టుకున్న ఫొటో యాప్ చందా తనంతట తానే రెన్యూ అయింది. రసీదు అడుగున చిన్న అక్షరాల్లో, స్టేట్‌మెంట్‌లో కనిపించే పేరు అచ్చం అలాగే ఉంది. చందా రద్దు చేశాను.

రసీదు దొరక్కపోతే బ్యాంకును రెండు వివరాలు అడగండి: వ్యాపారం ఏ రకమో చెప్పే నాలుగంకెల ఎంసీసీ కోడ్, ఆ లావాదేవీని గుర్తించే 23 అంకెల ఏఆర్ఎన్ నంబరు. ఏఆర్ఎన్‌ను బట్టి అమ్మకందారు తరఫు బ్యాంకు ఏదో తెలుస్తుంది. అయితే తెలియని పేరుతో మరీ చిన్న మొత్తం పోయి, ఇంట్లో ఎవరూ వాడలేదంటే మాత్రం వెతుకుతూ కూర్చోకండి. దొంగిలించిన కార్డు పనిచేస్తుందో లేదో అలాగే పరీక్షిస్తారు. వెంటనే కార్డు బ్లాక్ చేయించండి.