ఇంటి రుణం లెక్కలు – 4వ పాఠం: నడుమలో రేటు మారితే

గత పాఠం లెక్క ఇది: 30 లక్షల అప్పు, 7 శాతం, 240 నెలలు, వాయిదా 23,259. 24 వాయిదాలు కట్టాక రేటు 9 శాతమైతే కొత్త వాయిదా ఎంత? ఎక్కువమంది పంపిన జవాబు 26,992. అది తప్పు. ఇంకొందరు 25,661 అన్నారు. అదీ తప్పే.

మొదటివాళ్లు 30 లక్షలకే, 240 నెలలకే మళ్లీ లెక్క కట్టారు. రెండేళ్లలో తీరిన అసలు ఏమైనట్టు? సరైన జవాబుకీ దీనికీ తేడా మూడు వందల లోపే కాబట్టి తప్పు పట్టుబడదు. రెండోవాళ్లు బాకీ సరిగ్గానే తీశారు, నెలలు మాత్రం 240 వేశారు. వాయిదా తక్కువగా కనబడుతుంది, కానీ అప్పు తీరడం రెండేళ్లు ఆలస్యమైంది. రేటు మారిన రోజున కావలసినవి రెండే: ఆనాటి బాకీ, మిగిలిన నెలలు. మొదట్లో తీసుకున్న మొత్తం, మొదటి గడువు ఇక మరిచిపోండి. స్ప్రెడ్‌షీట్‌లో ఈ మూడు సూత్రాలు వేయండి:

```
=FV(7%/12,24,23259,-3000000)
=PMT(9%/12,216,-2852100)
=NPER(9%/12,-23259,2852100)
```

మొదటిది బాకీ: సుమారు 28,52,100. రెండోది గడువు కదపకుండా వాయిదా పెంచితే: 26,708. మూడోది వాయిదా కదపకుండా గడువు పెంచితే: 337.5, అంటే 338 నెలలు. 216 ఉండాల్సింది 338 అయింది!

ఇంత ఎందుకు సాగిందంటే, 9 శాతం మీద ఆ నెల వడ్డీయే 21,391. 23,259లో అసలుకు పడేది 1,868 మాత్రమే. మొత్తం మీద గడువు పెంచే దారిలో దాదాపు 20.8 లక్షలు ఎక్కువ కడతారు. రేటు 9.79 శాతం దాటితే వాయిదా వడ్డీకి కూడా చాలదు, బాకీ పెరుగుతుంది. అప్పుడు NPER జవాబివ్వకుండా #NUM! చూపిస్తుంది.

నాకు నచ్చేది మధ్యేమార్గం. వాయిదా 25,000 చేస్తే, అంటే 1,741 పెంచితే, గడువు 259 నెలల దగ్గరికి వస్తుంది. పూర్తి పెంపులో సగంతోనే, పెరిగిన నెలల్లో సుమారు మూడింట రెండొంతులు తగ్గాయి. వాయిదా పెంచాలా, గడువు పెంచాలా, రెండూ కొంచెం కొంచెమా అనేది ఎంచుకునే అవకాశం రుణగ్రహీతకు ఇవ్వాలని రిజర్వ్ బ్యాంక్ 2023 ఆగస్టులో ఆదేశించింది. అయినా మీరు అడగకపోతే గడువే పెరగడం మామూలు. రేటు మారినట్టు మెసేజ్ రాగానే స్టేట్‌మెంట్‌లో మిగిలిన వాయిదాల సంఖ్య చూడండి. వాయిదా మారలేదని ఊరుకోవద్దు.

అభ్యాసం: 26,708 చొప్పున 12 వాయిదాలు కట్టాక రేటు 8.25 శాతానికి దిగింది. బాకీ 27,85,600 దగ్గర రావాలి. రాకపోతే ముందుకు వెళ్లకండి. వాయిదా తగ్గిస్తే ఎంత, గడువు తగ్గిస్తే ఎన్ని నెలలు, రెండు దారుల్లో మొత్తం వడ్డీ తేడా ఎంత? చివరి వాయిదా పూర్తిగా ఉండదు, దాన్ని విడిగా తీయండి.